మీ చెల్లికి కల్చర్ అవసరమే

ప్రియమైన శారదకు,

మీ చెల్లికి మూత్రం కల్చర్ పరీక్ష చేయించాలా అని అడిగిన నీ ఉత్తరం చదివాను. మూత్రంలో మంట, అరగంటకోసారి వెళ్లినా నాలుగు చుక్కలే రావడం అనగానే వేడి చేసిందని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు పట్టించడం మన ఇళ్లలో మామూలే. నీళ్లు తాగితే మంచిదే గాని, ఇది వేడి వల్ల వచ్చేది కాదు. ఎక్కువ మందిలో పేగుల్లో ఉండే ఇ.కోలి అనే బ్యాక్టీరియా మూత్రాశయంలోకి చేరడమే దీనికి కారణం. ఆడవారిలో మూత్రనాళం పొడవు దాదాపు 4 సెంటీమీటర్లే కాబట్టి దానికి దారి దగ్గర.

మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో ల్యాబ్‌లో పెంచి, అది ఏ మందుకు లొంగుతుందో చూసే ఈ కల్చర్ అందరికీ అక్కర్లేదు. గర్భం, మధుమేహం, రాళ్ల వంటివేవీ లేని అమ్మాయికి మొదటిసారి ఇలా వచ్చి, తెల్లబట్ట, దురద లేకపోతే, లక్షణాలను బట్టే డాక్టరు మందు రాయవచ్చు. కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. చాలామందికి ఆ లోపే మందుతో మంట తగ్గిపోతుంది.

మీ చెల్లి సంగతి వేరు. మెడికల్ షాపులో ఇచ్చిన నార్‌ఫ్లాక్సాసిన్ రెండు రోజులు వేసుకుని, తగ్గిందని మానేసిందనీ, వారం తిరగకుండానే మళ్లీ మొదలైందనీ రాశావు. మన దేశంలో ఆ మందుకు ఇ.కోలి చాలాసార్లు లొంగడం లేదు. ఇప్పుడు మరో మాత్రను ఊహించి వేసేకంటే, ఏ మందుకు లొంగుతుందో కల్చర్‌తో తేల్చుకోవడమే సరైన పని.

శాంపిల్ మాత్రం యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. ముందు నీళ్లతో కడుక్కుని, మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ వాళ్లిచ్చిన స్టెరైల్ డబ్బాలో, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టాలి. గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. హాస్టల్ గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం వరకు ఉంచేస్తే దానిలో బ్యాక్టీరియా పెరిగి, రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. శాంపిల్ ఇచ్చాక రిపోర్టు కోసం మంటను భరిస్తూ కూర్చోనక్కర్లేదు. నైట్రోఫ్యూరాంటాయిన్ వంటి మందును డాక్టరు ఆ రోజే మొదలుపెట్టి, అవసరమైతే తరువాత మారుస్తారు.

రిపోర్టులో మిల్లీలీటరుకు 1,00,000 బ్యాక్టీరియా కాలనీలు లేవని ఎవరైనా కొట్టిపారేస్తే నమ్మకు. మంట ఉన్న అమ్మాయిలో ఇ.కోలి ఒక్కటే పెరిగితే 1,000 ఉన్నా లెక్కలోకే వస్తుంది. రెండు మూడు రకాలు కలిసి పెరిగాయని వస్తే మాత్రం, అది చాలావరకు శాంపిల్ పట్టడంలో లోపమే, మళ్లీ ఇవ్వాలి.

చలిజ్వరం, వాంతులు, పక్కటెముకల కింద వెనక వైపు నొప్పి వస్తే ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి పాకిందేమోనని అనుమానించి, రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లు. నెల తప్పి ఉంటే ఆ మాట డాక్టరుకు దాచవద్దని చెప్పు. అప్పుడు కల్చర్ తప్పనిసరి, మందులూ మారతాయి. పూర్తిగా తగ్గి, గర్భం లేనట్లయితే మరోసారి కల్చర్ చేయించనక్కర్లేదు.

రిపోర్టు రాగానే నాకు ఫొటో తీసి పంపు.

నీ
లలిత