‘చూపు తక్కువ’ అంటే ఎంత తక్కువ?

సంపాదకులు గారికి,

మా బావగారికి గ్లకోమాతో రెండేళ్ల కిందట ఎడమ కన్ను చూపు పోయింది. కుడి కన్ను అద్దాలతో బాగానే కనిపిస్తుంది. నలభై దాటినవాళ్లు లైసెన్స్ రెన్యువల్‌కి ఇచ్చే ఫారం 1-ఎ మీద డాక్టరు ‘చూపు తక్కువ’ అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టారు. కాగితం తిరిగొచ్చింది. ‘నార్మల్ అని రాయించుకోండి’ అని ఏజెంటు సలహా! అది అబద్ధం కదా.

ఫారం అడిగేది వేరు: పగటి వెలుతురులో 25 మీటర్ల దూరాన కారు నంబరు ప్లేటు గుర్తుపట్టగలరా? ఐదేళ్లకు పైగా లైసెన్స్ ఉండి, ఆ తర్వాత ఒక కన్ను పోయినవారికి, దరఖాస్తుదారు తన ఆరోగ్యం గురించి తానే రాసిచ్చే ఫారం 1 దారి వదిలింది. అయితే అది సొంత కారుకే, స్టీరింగ్ వైపు బయటి అద్దం ఉండాలి. లారీకి, టాక్సీకి వర్తించదు.

రెండోసారి డాక్టరు ఇలా రాశారు: ‘ఎడమ కన్ను చూపు లేదు. కుడి కన్ను అద్దాలతో 6/9. ఆ కంటితో 25 మీటర్ల దూరంలో నంబరు ప్లేటు చదివారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుంది. రేచీకటి లేదు.’ ఈసారి తీసుకున్నారు. జిల్లాలోని రవాణా కార్యాలయాలు ఇలాంటి నమూనా ఒకటి గోడకు అంటిస్తే బాగుంటుంది.

– ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా