ముందు పాస్, తర్వాత అడుగులు, చివర డ్రిబుల్

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఇంట్లో వసారాలో నడుస్తూ "సున్నా, ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతున్నారని మీలో కొందరు చెప్పారు. హ్యాండ్‌బాల్ నేర్పుతున్నామన్నారు కదా, మైదానంలో గోల్ స్తంభాలే కనబడటం లేదేమని ఇంకొందరు అడిగారు. రెండింటికీ సమాధానం ఒకటే. ప్రస్తుతం పూర్తి ఆట ఆడించడం లేదు, దానికి దారితీసే చిన్న ఆటలు ఆడిస్తున్నాం. వాటి వరుసను మా వ్యాయామ ఉపాధ్యాయులు, నేను కూర్చుని నిర్ణయించుకున్నాం.

పూర్తి ఆటకు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టు కావాలి. ఒక్కో జట్టులో గోల్‌కీపర్‌తో కలిపి ఏడుగురు ఆడతారు. పదకొండేళ్ల పిల్లలను నేరుగా అందులోకి దింపితే బలమైన ఇద్దరు ముగ్గురు బంతిని పట్టుకుని పరుగెడతారు, మిగతావారు నిలబడి చూస్తారు. అందుకే మన వాలీబాల్ కోర్టులోనే, 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పులో, వల తీసేసి మొదలుపెట్టాం.

మొదటి ఆట పేరు "పది పాస్‌లు". ఐదుగురు చొప్పున రెండు జట్లు. బంతి ఉన్న జట్టు దాన్ని జారవిడవకుండా, ఎదుటివారికి చిక్కకుండా వరుసగా పది పాస్‌లు ఇస్తే ఒక పాయింట్. పాస్ ఇచ్చినవారికే వెంటనే తిరిగి ఇవ్వకూడదు. బంతి చేతిలో ఉండగా కదలకూడదు, నేలకు కొట్టకూడదు. బంతి ఉన్న పిల్ల కదలకూడదు కాబట్టి మిగతా నలుగురూ ఖాళీ చోటు వెతుక్కుని కదలాల్సిందే. హ్యాండ్‌బాల్‌లో పాస్ నేర్చుకోవడమంటే సగం ఇదే. ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పుడు పాస్‌లు నాలుగు దాటకపోతే ఎదుటి జట్టును ముగ్గురికి తగ్గిస్తాం.

విసిరే పద్ధతిలో చూసేవి రెండే. మోచేయి భుజం ఎత్తులో ఉందా? కుడిచేత్తో విసిరేవారి ఎడమ కాలు ముందుందా? మోచేయి కిందికి జారితే బంతి వేగంగా వెళ్లదు, పైకి తేలి మధ్యలో ఎదుటివారికి దొరుకుతుంది. పట్టేటప్పుడు రెండు చేతులూ ముందుకు చాచి, బొటనవేళ్లు దగ్గరగా ఉంచి, బంతి తగలగానే చేతులను కాస్త వెనక్కి లాక్కోవాలి. చేతులు బిగించి నిలబడితే బంతి తగిలి ఎగిరిపోతుంది, వేళ్లు నొప్పిపెడతాయి. బంతిని పొట్టకు హత్తుకుని పట్టే అలవాటు చాలామందికి ఉంది. అలా పట్టినవారు తర్వాతి పాస్‌కు ఆలస్యమవుతారు.

ఇప్పుడు అడుగుల సంగతి. బంతి చేతిలో ఉండగా మూడు అడుగులు వేయవచ్చు, మూడు సెకన్లు ఉంచుకోవచ్చు. ఆలోపు పాస్ ఇవ్వాలి, లేదా గోల్‌కు విసరాలి, లేదా బంతిని నేలకు కొడుతూ సాగే డ్రిబుల్ మొదలుపెట్టాలి. చిక్కంతా లెక్క ఎక్కడ మొదలవుతుందన్న దగ్గరే ఉంది. గాలిలో ఉండగా బంతి పట్టుకుని నేలకు దిగితే ఆ దిగడం అడుగు కాదు. అదే "సున్నా". ఒక కాలు నేల మీద ఉండగానే బంతి అందితే మాత్రం తర్వాత పడే కాలే ఒకటో అడుగు. ఒంటికాలిపై దిగి అదే కాలిపై గెంతినా అది ఒక అడుగే. పిల్లలు తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఆ గెంతును లెక్కలోకి తీసుకోరు, అందుకే నాలుగో అడుగు పడిపోతుంది.

దీనికి మేం ఆడించేది "గీత బంతి". కోర్టు రెండు చివర్లా సుద్దతో గీత గీస్తాం. గీత అవతలికి వెళ్లిన సొంత జట్టు సభ్యుడికి పాస్ ఇచ్చి, అతను పట్టుకుంటేనే పాయింట్. ఈ ఆట మొదట్లో మూడు అడుగులకు అనుమతి ఉంటుంది, డ్రిబుల్‌కు ఉండదు. ఆడనివారు కోర్టు పక్కన నిలబడి తమకు కేటాయించిన ఒక్క ఆటగాడి అడుగులనే గట్టిగా లెక్కపెడతారు. ఇంట్లో మీరు విన్న "సున్నా, ఒకటి" అక్కడిదే. ఎదుటివాడి అడుగు లెక్కపెట్టిన పిల్లవాడికి తన అడుగు తొందరగా తెలుస్తుంది. కాళ్లవైపు చూసుకుంటూ పరుగెత్తేవారు నియమాన్ని గుర్తుంచుకున్నారు గానీ ఇంకా అలవాటు చేసుకోలేదు. వారికి నేల మీద సుద్దతో పాదాల గుర్తులు వేస్తాం. కుడిచేతి వాటం పిల్లలకు కుడికాలు దిగడం, తర్వాత ఎడమ, కుడి, ఎడమ. మూడో అడుగుకు ఎడమ కాలు ముందుకు వస్తుంది, విసరడానికి కావలసింది అదే. ఎడమచేతి వాటం వారికి ఇది తలకిందులు. వారి గుర్తులు వేరే రంగు సుద్దతో వేస్తున్నాం.

డ్రిబుల్‌ను చివర పెట్టడం గురించే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. బంతిని నేలకు కొట్టడం పిల్లలకు ఇష్టం. అది ముందే నేర్పితే బంతి అందిన క్షణంలో తల వంచుకుని నేలకు కొడతారు. అలా ఒకసారి డ్రిబుల్ చేసి బంతిని పట్టుకున్నాక మళ్లీ మూడు అడుగులు, మూడు సెకన్లు మాత్రమే మిగులుతాయి. రెండోసారి డ్రిబుల్ చేయకూడదు, చేస్తే బంతి ఎదుటి జట్టుకు వెళుతుంది. అంటే ఎదుట ఎవరూ లేకపోయినా తమకున్న ఒక్క అవకాశాన్ని వాడేసుకున్నట్టే. బాస్కెట్‌బాల్ ఆడిన పిల్లల్లో ఈ అలవాటు మరీ బలంగా ఉంది.

గత వారం ఏడో తరగతి ఆటలో జరిగింది చెబుతాను. ఒక అమ్మాయి గాలిలోకి ఎగిరి పాస్ అందుకుని కుడికాలిపై దిగింది. ఎడమ, కుడి, ఎడమ వేసింది. పాస్ ఇచ్చేందుకు ఎవరూ ఖాళీగా లేరు, ముందు మాత్రం చోటుంది. అప్పుడు బంతిని నేలకు కొట్టి నాలుగు అంగల్లో ఆ ఖాళీ దాటింది. బంతి చేతిలో లేనప్పుడు పరుగుకు లెక్క లేదు. మళ్లీ పట్టుకుని మూడు అడుగుల లోపే గీత అవతలి స్నేహితురాలికి అందించింది. అదే ఆటలో ఒక అబ్బాయి బంతి అందగానే నేలకు కొట్టి ఆపాడు, ఎదుట ఇద్దరు రాగానే మూడు సెకన్లూ అయిపోయాయి. అందుకే "ముందు ఖాళీ కనిపిస్తేనే డ్రిబుల్" అన్నది మా షరతు.

మన మైదానం మట్టి నేల, బంతి సరిగా లేవదు. డ్రిబుల్ సాధన మాత్రం ప్రార్థన జరిగే సిమెంటు గచ్చు మీద చేయిస్తున్నాం. అక్కడ అందరూ తమ బంతిని కొడుతూ, ఖాళీ చేత్తో పక్కవారి బంతిని తట్టి పోగొట్టే ఆట ఆడతారు. తల వంచితే తమ బంతే పోతుంది కాబట్టి తల ఎత్తడం వేరుగా చెప్పనక్కర్లేదు. కబడ్డీ అలవాటుతో ఎదుటివారిని చేతులతో పట్టి ఆపేవారికి మాత్రం అది ఇక్కడ ఫౌల్ అని ప్రతిసారీ గుర్తుచేయాల్సి వస్తోంది.

ఇంటికి బంతి కొనాలనుకుంటే ఒకటో సైజు తీసుకోండి. దాని చుట్టుకొలత 50 నుంచి 52 సెంటీమీటర్లు. ఎనిమిదో తరగతి మగపిల్లల్లో పన్నెండేళ్లు దాటినవారికి రెండో సైజు, అంటే 54 నుంచి 56 సెంటీమీటర్లది, సరిపోతుంది. కొనేముందు పిల్లలను పైనుంచి ఒంటిచేత్తో బంతిని ఎత్తమనండి. ఎత్తలేకపోతే అది వారి చేతికి పెద్దది. ఆటల పీరియడ్ ఉన్న రోజు గోళ్లు కత్తిరించి, చెప్పులకు బదులు లేసులున్న బూట్లతో పంపండి. వచ్చే నెల నుంచి "గీత బంతి"లో గీత స్థానంలో గోల్ పెడతాం. గోల్ ముందు ఆరు మీటర్ల గీత గీసి, దాని లోపల గోల్‌కీపర్ తప్ప ఎవరూ కాలు పెట్టకూడదన్న నియమాన్ని అప్పుడు నేర్పుతాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు