క్యాన్సిల్ కొడితే క్రెడిట్లు గల్లంతేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

కొన్ని ఆడియోబుక్ యాప్‌లలో నెలనెలా డబ్బులు కట్టించుకుని ఒక క్రెడిట్ ఇస్తారు, దాంతో ఒక పుస్తకం కొనుక్కోవచ్చు. వినే తీరిక లేక అవి మూడో నాలుగో పోగుపడతాయి, ఇంకెందుకులే అని మెంబర్‌షిప్ ఆపేస్తే మాత్రం వాడనివన్నీ పోతాయి, పైసా వెనక్కి రాదు. మనం ముందే కట్టిన డబ్బులండీ అవి! క్రెడిట్‌తో కొన్న పుస్తకం మాత్రం ఆపేశాక కూడా మన లైబ్రరీలోనే ఉంటుంది, కాబట్టి ఆపే ముందే వాడేసుకోవడం ఒక్కటే దారి.

డాలస్‌లో ఉండే మా చెల్లెలిది నెలకి 14.95 డాలర్ల ప్లాన్, ఆపేద్దామనుకునే టైముకి నాలుగు క్రెడిట్లున్నాయి, అంటే దాదాపు 60 డాలర్లు. పుస్తకం రేటు ఎంతున్నా ఒక క్రెడిటే కాబట్టి బాగా పెద్దవి, ఖరీదైనవి రెండు తీసుకుంది. ఆరు డాలర్లున్న చిన్న పుస్తకం ఒకటి కావాల్సి వస్తే దానికి క్రెడిట్ దండగని డబ్బులిచ్చి కొంది. ఇంకోటి ప్లాన్‌తో పాటు ఫ్రీగా వచ్చే లిస్టులోది, సగం వింది, ఇవి మెంబర్‌షిప్ పోగానే లాక్ అయిపోతాయి, చాలామందికి తెలియంది ఇదే, అందుకని మూడో క్రెడిట్ దానికి పెట్టి సొంతం చేసుకుంది. నాలుగోది స్పానిష్ పాఠాలకి (వింటుందో లేదో దేవుడికే తెలియాలి). నాలుగూ లైబ్రరీలో కనిపిస్తున్నాయా, క్రెడిట్ల దగ్గర సున్నా పడిందా చూసుకుని, స్క్రీన్‌షాట్ తీసుకుని, అప్పుడు క్యాన్సిల్ కొట్టింది. యాప్ డిలీట్ చేస్తే మెంబర్‌షిప్ ఆగదు, డబ్బులు కట్ అవుతూనే ఉంటాయి. ఫోన్ యాప్ స్టోర్ నుంచి ప్లాన్ తీసుకున్నవాళ్లు అక్కడికెళ్లే ఆపాలి. క్యాన్సిల్ చెయ్యకపోయినా చాలాకాలం దాచుకోవడం కుదరదు, క్రెడిట్‌కి గడువుంటుంది, ఏడాది అయితే పోయేవి ఉన్నాయి.

మన దేశంలో 2023 నవంబర్‌లో యాప్‌లు, వెబ్‌సైట్లు మనల్ని బోల్తా కొట్టించే ఎత్తుల మీద, అదే డార్క్ ప్యాటర్న్స్ మీద కేంద్రం గైడ్‌లైన్స్ తెచ్చింది, అందులో 13 రకాల మోసాలు చెప్పారు, సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి. కానీ అది చూసేది క్యాన్సిల్ బటన్ దాచడం, ఆపడాన్ని కష్టం చెయ్యడం లాంటివే. బటన్ ఎదురుగానే పెట్టి, నొక్కగానే మిగిలిన క్రెడిట్లు మింగేస్తే దాని మాటేంటో అందులో సూటిగా లేదు. రూల్స్‌లో రాశాం కదా అంటారు, రాశారు సరే, అంత పొడుగు రూల్స్ ఎవరు చదువుతారు?

క్యాన్సిల్ చేసేటప్పుడు ఎన్ని క్రెడిట్లు మిగిలాయో పెద్దక్షరాల్లో చూపించాలి, ఆపాక కనీసం మూడు నెలలు వాడుకోనివ్వాలి, లేదా కట్టిన డబ్బు తిరిగివ్వాలి. కేంద్ర వినియోగదారుల శాఖ ఆ గైడ్‌లైన్స్‌లో ఇది కూడా కలపాలి. ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్లు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కంప్లయింట్ రాయించండి, డబ్బులొస్తాయని గ్యారంటీ ఇవ్వలేను గానీ, కంప్లయింట్లే లేకపోతే శాఖ వాళ్లకి ఈ సంగతి తెలిసేదెలా?

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ