ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం: ఒక కాగితం మందమెంత?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఏడో తరగతి పిల్లలు ఇంటికి రాగానే ఫోను అడిగి, కాగితాల కట్టకు ఫోటోలు తీసి ఉంటారు. ఎందుకని మీలో కొందరు నన్ను అడిగారు. ఒక కాగితం మందం కనుక్కోవడానికి.

మామూలు స్కేలు మీద అన్నిటికంటే చిన్న గీత ఒక మిల్లీమీటరు. కాగితం అందులో దాదాపు పదో వంతే. అందుకే 500 కాగితాల రీమును నిలువుగా కొలిచి, వచ్చినదాన్ని 500తో భాగించమన్నాం. ఆఫీసు గదిలోని ఏ4 రీము ఎత్తు 52 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే ఒక్కో కాగితం 0.104 మిల్లీమీటర్లు. గీతలు చదవడంలో అర మిల్లీమీటరు అటూఇటూ అయినా, ఆ తప్పు కూడా 500 కాగితాలకూ పంచుకుపోతుంది. ఒక్కో కాగితానికి దక్కే తప్పు 0.001 మిల్లీమీటరే. అదే పది కాగితాలే కొలిచి ఉంటే, ఆ అర మిల్లీమీటరు జవాబును 0.05 నుంచి 0.15 దాకా ఎక్కడికైనా లాగేసేది.

అయితే ఒక జట్టుకు ఫోటోలో 47 మిల్లీమీటర్లే కనిపించింది. రీము అదే, స్కేలు అదే. లెక్కలో తప్పేమీ లేదు. చివరికి ఫోటో తీసిన బల్ల దగ్గరికే వెళ్లి చూశాం. స్కేలును బల్ల అంచున నిలబెట్టారు, రీము దానికి రెండు సెంటీమీటర్లు వెనక ఉంది. ఫోను స్కేలుకు ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఉంది. దగ్గరున్న స్కేలు గీతలు పెద్దగా, వెనకున్న రీము చిన్నగా పడ్డాయి. 52ను 20తో హెచ్చవేసి 22తో భాగించండి, 47 వస్తుంది. స్కేలును రీము ముఖానికి ఆనించి, ఫోనును కట్ట మధ్యకు ఎదురుగా పెట్టి తీస్తే ఈ తేడా పోయింది. ఫోను కొంచెం దూరం జరిపితే ఇంకా మంచిది.

మరో మూడు విషయాలు. పై రేపరు తీసేయాలి, లేకపోతే దాని మడతలు కూడా లెక్కలో చేరతాయి. విప్పి ఉంచిన కాగితాలు మన చెన్నై వానాకాలపు తేమకు అలలు తిరుగుతాయి, మధ్యలో గాలి చేరి కట్ట ఉబ్బుతుంది. పైన ఒక బరువైన పుస్తకం పెట్టి, దాని అడుగు అంచు దాకా చదవండి. స్కేలు చివరే సున్నా అనుకోవద్దు. చాలా ప్లాస్టిక్ స్కేళ్లకు సున్నాకు ముందు కొంత ఖాళీ ఉంటుంది. (ఈ పొరపాటు నేనే చేశాను, పిల్లలు పట్టుకున్నారు.)

ఇంట్లో రీము లేకపోతే 200 పేజీల నోటుపుస్తకంతో చేయవచ్చు. అట్టలు వదిలి కొలవండి. భాగించేది 200తో కాదు, 100తో. ఒక కాగితానికి రెండు పేజీలు కదా. జవాబు 0.05 దగ్గర వచ్చిందని ఎవరైనా సంబరపడుతుంటే, ముందు ఈ సంగతి అడగండి.

ఫోటోలు శుక్రవారంలోగా లెక్కల టీచరుకు అందాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు