ఆ జవాబులో చిరుగు ఏది?

కర్నూలు,
ఆదివారం

తల్లీ,

నువ్వు ఫోనులో పంపిన నమూనా పేపరును నిన్న రాత్రి అక్షరాలు పెద్దవి చేసుకుని చదివాను. ఇంగ్లీషు సామెతల మీద పది ప్రశ్నలుంటే నాలుగు తప్పాయని దిగులుపడ్డావు. తప్పిన నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కనిపించింది. నువ్వు గుర్తు పెట్టిన నాలుగు జవాబుల్లో చెడ్డ మాట ఒక్కటీ లేదు. నాలుగూ బడిగోడ మీద రాసుకోదగ్గ నీతులే. నువ్వు పడిపోయింది అక్కడే.

ఆ గొయ్యి ఎలా తవ్వుతారో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ తవ్వినవాణ్ణే. పదవీ విరమణ తర్వాత రెండేళ్లు ఒక కోచింగ్ సెంటరుకు ఇంగ్లీషు పేపర్లు రాసిచ్చానుగా. సామెత అర్థం అడిగే ప్రశ్నకు సరైన జవాబు ముందు రాసేవాణ్ణి. తర్వాత సామెతలోంచి బాగా కనబడే ఒక్క పదాన్ని తీసుకుని, దాని చుట్టూ ఎవరూ కాదనలేని నీతిని ఒకటి అల్లేవాణ్ణి. మిగిలిన రెండూ ఎలా రాసినా ఆ ఒక్కటే పిల్లలను ఎక్కువగా లాగేది. అది చదవగానే తల ఊగుతుంది. తల ఊగగానే పెన్ను కదులుతుంది.

నీ మూడో ప్రశ్న చూడు. ‘ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్’. నువ్వు పెట్టింది ఏ: కాలం విలువైనది, వృథా చేయరాదు. బి: చిన్న లోపాన్ని వెంటనే సరిచేస్తే పెద్ద శ్రమ తప్పుతుంది. సి: చిన్న చిన్న ప్రయత్నాలే కలిసి పెద్ద ఫలితమవుతాయి. డి: కుట్టుపని తెలిసినవారు డబ్బు ఆదా చేస్తారు. ‘టైమ్’ అనే మాట నిన్ను ‘ఏ’ దగ్గరకు తీసుకుపోయింది. కానీ ‘ఇన్ టైమ్’ అంటే కాలం గురించి ఉపదేశం కాదు, ‘ఆలస్యం కాకముందే’ అని. చెప్పిన వేళకు రావడం ‘ఆన్ టైమ్’. చేయి దాటిపోకముందే అందుకోవడం ‘ఇన్ టైమ్’.

మీ తాతగారి ఇంట్లో వేరుశనగ కాయల గోనెసంచులు గుర్తున్నాయా? కుట్టు ఒకటి తెగి నాలుగు కాయలు రాలుతున్నప్పుడే దబ్బనం, పురికొస తీసుకుంటే ఒక్క కుట్టుతో పని అయిపోతుంది. బండి ఎక్కించాక చూద్దాంలే అనుకుంటే, దించేసరికి సంచి మూతి దాకా విచ్చుకుని ఉంటుంది. అప్పుడు తొమ్మిది కుట్లు వేయాలి. ఈ సంచి కథంతా సామెతలో ఉంది. చిరుగుంది, వెంటనే వేసే కుట్టుంది, వేయకపోతే పడే తొమ్మిది కుట్లున్నాయి. ఇప్పుడు నువ్వు పెట్టిన ‘ఏ’ జవాబును ఈ కథ పక్కన పెట్టు. అందులో చిరుగు ఏది? తొమ్మిది ఏమైంది? రెండూ లేవు. సి జవాబులో కుట్లను కూడబెట్టారు, ఇక్కడేమో తప్పించుకుంటున్నాం. బి ఒక్కదానిలోనే చిరుగూ ఉంది, తప్పిన శ్రమా ఉంది.

తొమ్మిదే ఎందుకని చిన్నప్పుడు అడిగేదానివి. లెక్క కోసం కాదు, ‘టైమ్’కు ‘నైన్’ చెవికి దగ్గరగా ఉంటుందని. 1732లో అచ్చయిన ఒక సంకలనంలో ఈ సామెత ‘తొమ్మిదింటిని ఆదా చేయవచ్చు’ అన్నంత మెత్తగానే ఉంది. నోళ్లలో నలిగి ఆ ‘వచ్చు’ రాలిపోయింది.

జవాబు పట్టుకోవడానికి ఇంకో దారి ఉంది. సామెతను ఎవరితో, ఏ సందర్భంలో అంటామో ఊహించుకోవడం. రోజంతా ఫోను చూస్తూ కూర్చున్న కుర్రాణ్ణి ‘ఎ స్టిచ్ ఇన్ టైమ్’ అని ఎవరైనా మందలిస్తారా? మందలించరు. పంటి నొప్పి మొదలైనా డాక్టరు దగ్గరకు పోకుండా వాయిదా వేసేవాడితో అంటారు. కాలం వృథా చేసేవాడికి సరిపోని సామెతకు కాలం వృథా చేయవద్దన్న అర్థం ఎలా వస్తుంది? మన తెలుగులో దీనికి సరితూగేది ‘గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం’. తెలుగు సామెతతో జత కలపడం మంచిదే కానీ మాటను చూసి కలపకు. ఎండ ఉంది కదా అని ‘మేక్ హే వైల్ ది సన్ షైన్స్’కు ‘ఏ ఎండకా గొడుగు’ అని రాసినవాళ్లు నా తరగతిలోనే ఉండేవాళ్లు. ఒకటి అదను వదులుకోవద్దంటుంది, రెండోది అవకాశవాదిని ఎత్తిపొడుస్తుంది. ఆ ఇంగ్లీషు సామెతకు జత ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం’. అందులో ఎండ ఊసే లేదు.

ఐదో ప్రశ్నలో నీ తప్పు నాకు నచ్చింది. ‘స్పేర్ ది రాడ్ అండ్ స్పాయిల్ ది చైల్డ్’. నువ్వు పెట్టిన జవాబు: పిల్లలను కొట్టకుండా ప్రేమతో పెంచాలి. బెత్తం పట్టని ఇంట్లో పెరిగినదానివి, అలా పెట్టక ఇంకెలా పెడతావు! బడిలో దెబ్బలను 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా నిషేధించింది. అయినా జవాబు తప్పే. ప్రశ్న అడిగింది నీ అభిప్రాయం కాదు, నా అభిప్రాయం కాదు, చట్టం కూడా కాదు. ఆ సామెత అభిప్రాయం. అదేమో పాతకాలపు కరకు మనిషి లాంటిది, బెత్తం దాచిపెడితే పిల్లవాడు చెడిపోతాడని అంటుంది. నీకు అది నచ్చనక్కరలేదు, అది అన్నదేమిటో గుర్తిస్తే చాలు.

ఇక్కడ వ్యాకరణం కూడా నిన్ను మోసం చేసింది. ‘స్పేర్’ అని క్రియతో మొదలైంది కదా, అది ఆజ్ఞ అనుకున్నావు. నిజంగా ఆజ్ఞే అయితే రెండో సగం కూడా ఆజ్ఞే కావాలి. పిల్లవాణ్ణి చెడగొట్టు అని ఏ పెద్దమనిషి చెబుతాడు? ఇలాంటి వాక్యంలో మధ్యనున్న ‘అండ్’ అంటే ‘మరియు’ కాదు, ‘అలా చేస్తే ఇలా అవుతుంది’ అని. ‘గివ్ హిమ్ యాన్ ఇంచ్ అండ్ హి విల్ టేక్ ఎ మైల్’ కూడా అదే అచ్చులో పోసింది. అంగుళం ఇమ్మని చెప్పడం లేదు, ఇస్తే ఏమవుతుందో చెబుతోంది. క్రియతో మొదలై మధ్యలో ‘అండ్’ ఉన్న సామెత కనబడితే ‘చేస్తే’ పెట్టి ఒకసారి తెలుగులో చదువుకో.

ఎనిమిదో ప్రశ్న ‘ఆల్ దట్ గ్లిటర్స్ ఈజ్ నాట్ గోల్డ్’. ఇది తప్పినందుకు మాత్రం కొంచెం కోపం వచ్చింది. ‘ఆకర్షణీయమైనవన్నీ ఎప్పుడూ విలువలేనివే’ అన్నదానికి గుర్తు పెట్టావు. ‘ఆల్’, ‘నాట్’ అలా విడివిడిగా వచ్చినప్పుడు ఇంగ్లీషు వాక్యం రెండు విధాలుగా వినిపిస్తుంది: మెరిసేదేదీ బంగారం కాదు అని ఒకటి, మెరిసేదంతా బంగారం కాదు అని ఇంకొకటి. సామెత అర్థం రెండోదే. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి వైపు పొలాల్లో జనం వంగి వంగి వజ్రాల కోసం వెతకడం నువ్వు బస్సులోంచి చూసినదానివే. మెరిసిన ప్రతి రాయీ వజ్రం అయితే అందరూ కోటీశ్వరులే. ఏ రాయీ వజ్రం కాకపోతే రెండో ఏడు ఆ పొలాల్లోకి ఎవరూ రారు. సామెత ఈ రెండింటి మధ్య నిలబడి, మెరుపు చూసి నిర్ణయించుకోవద్దని మాత్రమే అంటుంది. నువ్వు పెట్టిన జవాబులో ‘ఎప్పుడూ’ ఉంది. సామెతలో లేని ఎప్పుడూ, ఎన్నడూ, మాత్రమే వంటి మాటలు జవాబులోకి వచ్చాయంటే, పేపరు రాసినవాడు తన సొంత ఉప్పు కలిపాడేమోనని అనుమానించాలి. అనుమానించాలి అంటున్నాను, కొట్టేయమనడం లేదు. కొన్ని సామెతలు నిజంగానే గట్టిగా మాట్లాడతాయి.

నాలుగో తప్పు ఖాళీ పూరించేది. ‘ది ప్రూఫ్ ఆఫ్ ది పుడింగ్ ఈజ్ ఇన్ ది’, ఆ తర్వాత ఖాళీ. నువ్వు ‘మేకింగ్’ పెట్టావు. ఏదైనా చేయడంలోనే ఉంది అన్నట్టు గంభీరంగా వినిపించి ఉంటుంది. జవాబు ‘ఈటింగ్’. ఈ సామెతలో ‘ప్రూఫ్’ అంటే రుజువు కాదు, పాత అర్థంలో పరీక్ష. ఓళిగ బాగుందో లేదో పూర్ణం రుబ్బుతున్నప్పుడు మీ అమ్మ చెప్పలేదు, తిన్న నువ్వే చెప్పాలి. ఖాళీ పూరించే ప్రశ్నల్లో నేను చూసింది ఇది: అసలు సామెతలో ఉండేది ఎక్కువగా చేత్తో పట్టుకునే వస్తువో, ఇంట్లో జరిగే పనో. తినడం, తాగడం, పొద, నాచు. పక్కన పెట్టే ఎరలు విజయం, జ్ఞానం, శ్రమ లాంటి పెద్ద మాటలు. ‘ఎ బర్డ్ ఇన్ ది హ్యాండ్ ఈజ్ వర్త్ టూ ఇన్ ది’ తర్వాత ‘బుష్’ వస్తుంది, ‘ఫ్యూచర్’ రాదు. అర్థం అదే అయినా రాదు. పిట్టతో మొదలైన మాట పొదతోనే ముగుస్తుంది.

ఇకమీదట ఇలా చెయ్యి. జవాబులను అరచేత్తో మూసి, సామెతను నీ తెలుగులో ఒక వాక్యంగా చెప్పుకో: ఎవరు, ఏం చేస్తే, ఏమవుతుంది. తర్వాత చెయ్యి తీసి చూడు. ముందే జవాబులు చదివితే నాలుగు నీతుల మధ్య నీ వాక్యం తప్పిపోతుంది.

ఏడో ప్రశ్న నువ్వు సరిగ్గానే పెట్టావు కానీ నాకు తృప్తి లేదు. ‘ఎ రోలింగ్ స్టోన్ గ్యాదర్స్ నో మాస్’. ఇక్కడ నా సంచి కథ కూడా పని చేయదు, ఎందుకంటే ఆ సామెతకే రెండు అర్థాలున్నాయి. పాత అర్థంలో నాచు అంటే కూడబెట్టుకున్న ఆస్తి, స్థిరత్వం. ఊళ్లు తిరిగేవాడికి ఏదీ నిలవదని చెప్పడం. తర్వాతి కాలంలో కొందరు దాన్ని తిరగేసి, కదిలేవాడు పాచిపట్టడని మెచ్చుకోలుగా వాడుతున్నారు. నిలవనీటిని, పాచిని అసహ్యించుకునే మన చెవికి రెండోదే ఇంపుగా ఉంటుంది. పేపర్లలో మాత్రం సాధారణంగా పాత అర్థాన్నే సరైనదిగా లెక్కిస్తారు. నీ పేపరులో రెండూ ఉన్నాయి. నువ్వు పాతదాన్ని తెలిసే ఎంచుకున్నావా, గాలిలో వేసిన రాయి తగిలిందా? వచ్చే ఉత్తరంలో చెప్పు. రెండో పేపరు పంపేటప్పుడు, కొట్టేసిన ప్రతి జవాబు పక్కన అది ఎందుకు కాదో రెండు మాటలు రాసి పంపు.

ఓళిగలు అన్నానని మీ అమ్మ అప్పుడే పప్పు నానబెట్టింది. బుధవారం బస్సులో పంపుతాం, నువ్వు స్టాండుకు వెళ్లి తీసుకో.

మీ నాన్న