మొదటి సంగీతిలో ఎవరూ ఏమీ రాయలేదు: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

మన బౌద్ధ మ్యూజియంలోని బోర్డు గురించి ఎన్ని అర్జీలు ఇచ్చినా జవాబు లేదు. 'మొదటి సంగీతిలో త్రిపిటకాలను గ్రంథాలుగా రాశారు' అన్న వాక్యం ఇంకా అలాగే ఉంది. సంగీతి అంటే బుద్ధుడి బోధలను కలిసి పఠించడానికి భిక్షువులు చేరిన సభ. పిల్లలు దాన్నే నోట్‌బుక్కుల్లో ఎక్కించుకుని వెళ్తుంటే చూడలేకపోతున్నాను.

భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలోని చుల్లవగ్గ అనే భాగం చెప్పేది వేరు. బుద్ధుడి పరినిర్వాణం తర్వాత రాజగృహంలో 500 మంది భిక్షువులు కూర్చున్నారు. వారిలో పెద్దవాడైన మహాకాశ్యపుడు, నియమాలు బాగా తెలిసిన ఉపాలిని అడిగాడు: మొదటి పారాజికం, అంటే మీరితే సంఘం నుంచి వెలివేసే నియమం, ఎక్కడ విధించారు? వైశాలిలో. ఎవరి విషయంలో? సుదిన్నుడనే భిక్షువు విషయంలో. ఏ తప్పుకు? మైథునానికి. నియమాలన్నింటినీ ఇలాగే ఒక్కొక్కటిగా అడిగాడు. వినయపిటకంలో ప్రతి నియమం వెనకా దాని కథ ఉండటం కూడా ఇందుకే కావచ్చు. ప్రశ్న, జవాబు, కథ, నియమం, ఈ వరుసలో ఉంటే నోటికి నిలుస్తుంది. బుద్ధుడి బోధలైన ధర్మాన్ని, ఆయన వెంటే ఉన్న శిష్యుడు ఆనందుడి చేత ఇలాగే చెప్పించారు.

అప్పుడే ఒక చిక్కు వచ్చింది. సంఘం కోరుకుంటే చిన్న చిన్న నియమాలు తీసేయవచ్చని బుద్ధుడు అన్నాడని ఆనందుడు చెప్పాడు. ఏవి చిన్నవో మాత్రం తాను అడగలేదన్నాడు. నాలుగు పారాజికాలు తప్ప మిగతావన్నీ చిన్నవేనని కొందరు, వాటి తర్వాత బరువైన పదమూడు సంఘాదిశేషాలనే నియమాలను కూడా ఉంచాలని ఇంకొందరు, ఇలా ఎవరి లెక్క వారిది. కాశ్యపుడు తీర్మానం పెట్టాడు: లేనిది కొత్తగా పెట్టవద్దు, ఉన్నది తీసేయవద్దు. గురువు చితి పొగ ఆరేదాకే నియమాలు పాటించారని గృహస్థులు అంటారన్నది ఆయన భయం. ఎవరూ కాదనలేదు, సంఘం మౌనంగా ఒప్పుకుంది. బుద్ధుడే ఇచ్చిన వెసులుబాటు ఆ మౌనంతో పోయింది. సంగీతి చేసిన పెద్ద పని నాకు ఇదే అనిపిస్తుంది, మీ బోర్డులో దీని ఊసే లేదు.

పురాణుడనే భిక్షువు తర్వాత వచ్చాడు. సంగీతిని అంగీకరించమంటే, మీరు చక్కగానే పఠించారు, కానీ నేను బుద్ధుడి నోట విన్నట్టే గుర్తుంచుకుంటాను అన్నాడు. ఈ మాటను కూడా చుల్లవగ్గ దాచలేదు. అందరూ ఒకే పాఠానికి కట్టుబడలేదని ఆ గ్రంథమే ఒప్పుకుంటోంది కదా!

పిటకాలు రాతలోకి వచ్చింది చాలా తర్వాత, క్రీ.పూ. 1వ శతాబ్దంలో, శ్రీలంకలో అని అక్కడి వంశచరిత్రలు చెబుతాయి. అంతవరకు, ఆ తర్వాత కూడా, నోటితోనే నడిచింది. మన నాగార్జునకొండ శాసనాల్లోనే బుద్ధుడి ఉపదేశాల సంకలనాలైన దీఘ, మజ్ఝిమ నికాయాలను వల్లించే ఆచార్యుల ప్రస్తావన ఉంది. మన నేల మీద ఉన్న ఆధారాన్ని వదిలేసి ఆ తప్పు వాక్యాన్ని ఎందుకు మోస్తున్నామో అర్థం కావడం లేదు, మంత్రి గారూ.

దయచేసి 'రాశారు' తీసి 'పఠించి ఖరారు చేశారు' అని పెట్టించండి. పురాణుడి మాటకు ఒక్క వరుస చోటివ్వండి. కనీసం ఈ లేఖకైనా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఒక చరిత్ర ఉపాధ్యాయుడు