ముక్కు స్ప్రే వాడకం గడువును సీసా మీదే ముద్రించాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. జలుబు చేసి ముక్కు దిబ్బడ వేసినప్పుడు చాలామంది సొంతంగా కొనుక్కుని వాడే స్ప్రేల విషయమై ఈ లేఖ రాస్తున్నాను. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ అనే మందులున్న ఈ స్ప్రేలు చెడ్డవని నేను అనను. కొట్టిన కొద్ది నిమిషాల్లోనే ముక్కు తెరుచుకుంటుంది, ఆ రాత్రికి నిద్ర పడుతుంది. అయితే వీటిని మూడు రోజులు, మహా అయితే అయిదు రోజులు, కొన్ని దేశాల సూచనల ప్రకారం ఎక్కువలో ఎక్కువ వారం రోజులు మాత్రమే వాడాలన్న మాట పెట్టెలోని మడత కాగితంలో సన్నని అక్షరాల్లో ఉంటుంది. పెట్టె, కాగితం మొదటి రోజే చెత్తబుట్టలోకి పోతాయి. చేతిలో మిగిలేది సీసా ఒక్కటే.

ఫార్మసిస్టుగా నాకు ఎక్కువ అభ్యంతరంగా కనిపించేది ఆ సీసా పరిమాణం. మామూలుగా దొరికే పది మిల్లీలీటర్ల సీసాలో, ఒకసారి నొక్కితే సుమారు 0.14 మిల్లీలీటర్ల మందు వస్తుందనుకుంటే, డెబ్బై సార్లు కొట్టుకునేంత మందు ఉంటుంది. పెద్దవాళ్లు ఒక్కో ముక్కురంధ్రంలో ఒక్కోసారి చొప్పున రోజుకు మూడు పూటలా వాడినా మూడు రోజులకు ఖర్చయ్యేది పద్దెనిమిదే. మిగిలిన యాభై పైచిలుకు ఎందుకున్నట్టు? డబ్బు పెట్టి కొన్న మందును నాలుగో రోజున పక్కన పెట్టాలని ఎవరికీ తోచదు.

గడువు దాటి వాడితే జరిగేది ఇది. ముక్కు లోపలి పక్క గోడల నుంచి పొడుచుకొచ్చే మెత్తని మడతల నిండా రక్తనాళాలు ఉంటాయి. జలుబులో అవి రక్తంతో ఉబ్బి గాలిదారిని మూసేస్తాయి. స్ప్రే ఆ నాళాలను బిగిస్తుంది, మడతలు కుంచించుకుపోయి దారి ఏర్పడుతుంది. రోజుల తరబడి అదే పనిగా బిగిస్తూ పోతే నాళాలు మందుకు సరిగా స్పందించడం మానేస్తాయి. మందు ప్రభావం తగ్గగానే మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతాయి. ఆ ఉబ్బు తగ్గడానికి మనిషి మళ్లీ స్ప్రే అందుకుంటాడు. జలుబు ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది, దిబ్బడ మాత్రం మందు వల్లనే నిలబడి ఉంటుంది. దీన్నే తిరుగు దిబ్బడ అంటాం.

ఒక ఉపాధ్యాయురాలి ఉదాహరణ చెబుతాను. జలుబుకని మొదలుపెట్టిన స్ప్రేను ఆమె మూడు నెలలుగా వాడుతున్నారు. మొదట్లో ఒకసారి కొడితే రాత్రంతా హాయిగా ఉండేదట. తర్వాత తర్వాత మూడు నాలుగు గంటలకే ముక్కు బిగుసుకుపోతుండటంతో ఒక సీసా చేతిసంచిలో, ఇంకొకటి తలగడ కింద పెట్టుకోసాగారు. తనకు సైనస్ ముదిరిందని నమ్మి, ఇంతకంటే ఘాటైనది ఏదైనా ఉంటే ఇమ్మని అడిగారు. తుమ్ములు వస్తున్నాయా, ముక్కు దురద పెడుతోందా, నీళ్లు కారుతున్నాయా అని నేను అడిగితే అన్నింటికీ లేదన్నారు. మరే లక్షణమూ లేకుండా రెండు వైపులా దిబ్బడ ఒక్కటే ఉండటం, మందు పనిచేసే సమయం నానాటికీ తగ్గిపోవడం: ఈ రెండూ కలిసి కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది స్ప్రేనే. కొత్తది ఇవ్వకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరికి పంపాను.

వైద్యుడు రెండు వైపులా ఒకేసారి మాన్పించలేదు. ముందుగా ఫ్లూటికాసోన్ అనే స్టీరాయిడ్ స్ప్రేను రెండు రంధ్రాల్లోనూ రోజుకొకసారి మొదలుపెట్టించి, పాత స్ప్రేను కుడి వైపు పూర్తిగా ఆపించారు. ఎడమ వైపు మాత్రం అవసరమైతే వాడుకోనిచ్చారు. దానివల్ల ఒక పక్కనైనా గాలి ఆడుతుండటంతో ఆమె ధైర్యం చెడలేదు. మొదటి మూడు నాలుగు రాత్రులు కష్టంగానే గడిచాయి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకున్నారు. వారం దాటాక కుడి వైపు దానంతట అదే తెరుచుకుంది, అప్పుడు ఎడమ వైపూ ఆపించారు. ఒక్కసారిగా మానగలిగినవారూ ఉన్నారు గానీ, అంతకాలంగా అలవాటు పడిన మనిషికి ఈ పద్ధతే నిలుస్తుందని నా అభిప్రాయం.

స్టీరాయిడ్ అనే మాట వినగానే జంకేవాళ్లకు ఒక మాట. ముక్కులో కొట్టే ఈ మందు ఒంట్లోకి చేరేది చాలా తక్కువ, పైగా ఇది తిరుగు దిబ్బడ తేదు. కాకపోతే వెంటనే పనిచేయదు. గుణం తెలియడానికి కొన్ని రోజులు, పూర్తిగా కనిపించడానికి ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. రెండో రోజే పనికిరాదని పారేసేవాళ్లే ఎక్కువ. తల కొంచెం ముందుకు వంచి, సీసా మొనను ముక్కు మధ్య గోడ వైపు కాక బయటి వైపుకు, అంటే అదే పక్క చెవి వైపుకు చూపించి కొట్టాలి. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది.

మామూలు జలుబుకైతే ఇంత దూరం వెళ్లనక్కర్లేదు. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం ఎన్ని రోజులు చేసినా తిరుగు దిబ్బడ రాదు. పావు లీటరు నీళ్లలో అయోడిన్ కలపని ఉప్పు అర టీస్పూను, వంట సోడా చిటికెడు వేస్తే సరిపోతుంది. నీళ్లు మాత్రం కనీసం ఒక నిమిషం మరిగించి చల్లార్చినవే అయి ఉండాలి. కుళాయి నీళ్లు నేరుగా వాడితే, అరుదుగానే అయినా, మెదడుకు సోకే ప్రాణాంతకమైన అమీబా ముక్కు ద్వారా ప్రవేశించే ప్రమాదం ఉంది. మెంథాల్ పీల్చితే ముక్కు తెరుచుకున్నట్టు చల్లగా అనిపిస్తుందే తప్ప లోపలి వాపు తగ్గదు. అయినా నిద్ర పట్టడానికి ఆ అనుభూతి చాలనుకునే పెద్దవాళ్లను నేను కాదనను.

రక్తపోటు, గుండె జబ్బు, గ్లకోమా అనే కంటి జబ్బులో ఒక రకం ఉన్నవాళ్లు దిబ్బడ స్ప్రేను మూడు రోజులకైనా వైద్యుణ్ణి అడిగే వాడాలి. పసిపిల్లలకు ఉప్పునీటి చుక్కలే తగినవి. ఒకటి రెండు మిల్లీలీటర్ల స్ప్రే మందు మింగినా చిన్నపిల్లల ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి సీసా వాళ్లకు అందకూడదు. దిబ్బడ ఎప్పుడూ ఒకే వైపు ఉన్నా, రక్తం పడుతున్నా, వాసన తెలియకపోయినా అది స్ప్రే మానేయడంతో తేలే వ్యవహారం కాదు. పాలిప్ అనే మెత్తని కండ పెరుగుదల లాంటివి ఉన్నాయేమో వైద్యుడు లోపల చూడాల్సిందే.

తయారీదారులను, వారిపై నియంత్రణ ఉన్న అధికారులను నేను కోరేవి రెండే. వాడకం గడువు ఎన్ని రోజులో సీసా ముందు వైపునే, మందు పేరు ఉన్నంత పెద్ద అక్షరాల్లో ముద్రించాలి. దాని కింద, తెరిచిన తేదీ రాసుకోవడానికి కొన్ని కంటి చుక్కల సీసాల మీద ఉన్నట్టే, వాడకం మొదలుపెట్టిన తేదీకి ఒక ఖాళీ గీత ఉంచాలి. అప్పటిదాకా ఆ తేదీని సీసా అమ్మేటప్పుడు ఫార్మసిస్టులమే పెన్నుతో రాసి ఇవ్వవచ్చు.

భవదీయుడు,
ఒక ఫార్మసిస్టు